మీ ఒంటిగంటన్నర విమానం పొద్దున ఎక్కడ బయల్దేరింది?

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. వేరే ఊళ్లో పెద్ద డాక్టరుకు చూపించడానికి సాయంత్రం 5 గంటలకు అపాయింట్‌మెంట్ దొరికింది. ఇది తప్పితే మళ్లీ నెలన్నర ఆగాలట. నేరుగా వెళ్లే విమానాలు రెండే ఉన్నాయి, ఉదయం 6:15కి ఒకటి, మధ్యాహ్నం 1:30కి ఒకటి. రెండూ ఒకే కంపెనీవి, గంటన్నర ప్రయాణం. దిగాక ఆసుపత్రికి ముప్పావు గంట. వీల్‌చైర్ అడిగాం. పొద్దున్న విమానమైతే అమ్మ మూడింటికే లేవాలి. మధ్యాహ్నందైతే మూడింటికి దిగి నిదానంగా వెళ్లొచ్చు కదా అనిపిస్తోంది. అన్నయ్యేమో మధ్యాహ్నం విమానాలన్నీ లేటే, నమ్మొద్దంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అపాయింట్‌మెంట్ రోజు 1:30 విమానం వద్దండీ. ఆ రోజే వెళ్లాలనుకుంటే 6:15 ఎక్కండి. అంత పొద్దున్నే లేవడం అమ్మగారి వల్ల కాదనుకుంటే, ముందు రోజు 1:30 విమానంలో వెళ్లి రాత్రికి అక్కడే ఉండండి. మీ అన్నయ్య అన్నట్టు మధ్యాహ్నం విమానాలన్నీ లేటు కావు. చాలా రోజులు మీ 1:30 విమానం టైముకో, పది నిమిషాలు అటూఇటుగానో వెళ్తుంది. కానీ లేటయిన రోజున ఎంత లేటవుతుందన్నది మీ చేతుల్లోనూ ఉండదు, మీ ఊరి ఎయిర్‌పోర్ట్ చేతుల్లోనూ ఉండదు. ఆ లేటు పొద్దున మీరు చూడని ఏదో ఊళ్లో మొదలై ఉంటుంది.

నేను కొన్నేళ్లు ఎయిర్‌పోర్టులో ర్యాంప్ మీద, అంటే విమానాలు ఆగే చోట పనిచేశాను. అక్కడ మాకు ఫ్లైట్ నంబర్ కన్నా విమానం తోక దగ్గర రాసుండే రిజిస్ట్రేషన్ అక్షరాలే ముఖ్యం. ప్రయాణికులకు 1:30 విమానం అంటే ఒక టికెట్, ఒక గేటు. మాకు అది ఫలానా రిజిస్ట్రేషన్ ఉన్న విమానం ఆ రోజు తిరిగే నాలుగో సెక్టార్. ఒక ఊళ్లో లేచి ఇంకో ఊళ్లో దిగితే ఒక సెక్టార్ అయినట్టు. తక్కువ దూరాలు తిరిగే విమానం పొద్దున్నుంచి రాత్రి వరకు ఇలా ఐదారు సెక్టార్లు తిరుగుతుంది. నేల మీద ఖాళీగా నిలబడిన విమానం కంపెనీకి ఏమీ సంపాదించదు కాబట్టి, దిగిన అరగంటకో ముప్పావు గంటకో మళ్లీ లేచేలా టైమ్‌టేబుల్ వేస్తారు. ఈ మధ్య సమయాన్ని టర్న్‌అరౌండ్ అంటారు.

మీ 1:30 విమానం రోజు ఎలా గడుస్తుందో ఊహించి చూద్దాం. మీ ఊరు క, ఆసుపత్రి ఉన్న ఊరు త అనుకోండి. ఆ విమానం రాత్రి ట అనే ఊళ్లో నిద్రపోయింది. ఉదయం 6:30కి అక్కడ బయల్దేరి 8:00కి చ చేరాలి. అక్కడ 40 నిమిషాలు ఆగి 8:40కి బయల్దేరి 10:15కి ప చేరాలి. అక్కడా 40 నిమిషాలు ఆగి 10:55కి లేచి 12:45కి మీ ఊరు రావాలి. ముప్పావు గంట తర్వాత, 1:30కి మిమ్మల్ని ఎక్కించుకుని వెళ్లాలి. కాగితం మీద అన్నీ చక్కగా అతుక్కున్నాయి.

ఈ టైమ్‌టేబుల్లో కొంత మెత్తదనం, అంటే మిగులు సమయం దాచి పెడతారు. 180 సీట్ల విమానం నుంచి జనం దిగి, లోపల శుభ్రం చేసి, ఇంధనం నింపి, సామాను దించి ఎక్కించి, మళ్లీ 180 మందిని కూర్చోబెట్టడానికి ఎంత పరుగులు పెట్టినా దాదాపు 30 నిమిషాలు పడుతుందనుకుందాం. 40 నిమిషాలు ఇచ్చారంటే అందులో 10 నిమిషాలు మెత్తదనం. అలాగే ప్రయాణ సమయంలో కూడా కొంచెం ఎక్కువ వేస్తారు. గంటన్నర అని టికెట్ మీద రాసినదాంట్లో ట్యాక్సీయింగ్, అంటే విమానం నేల మీద నడవడం, రన్‌వే కోసం ఆగడం అన్నీ కలిపే ఉంటాయి. ఏ అడ్డూ లేకపోతే సెక్టారుకు ఓ 5 నిమిషాలు మిగులుతుందనుకుందాం. అంటే మీ విమానం మీ దగ్గరికి వచ్చి లేచేలోపు మూడు సెక్టార్లలో 15 నిమిషాలు, మూడు టర్న్‌అరౌండ్లలో 10, 10, 15 కలిపి 35 నిమిషాలు. మొత్తం 50 నిమిషాలు దాని జేబులో ఉన్నాయి.

పైలట్ స్పీడు పెంచి లేటు కవర్ చేయలేడా అని చాలామంది అడుగుతారు. గంటన్నర ప్రయాణంలో పైకి ఎక్కడానికి, కిందికి దిగడానికి పోగా తిన్నగా ఎగిరేది అరగంటో ముప్పావు గంటో. ఆ కాసేపట్లో వేగం ఎంత పెంచినా కలిసొచ్చేది రెండు మూడు నిమిషాలే. దూర ప్రయాణాల్లో అది పనికొస్తుంది, మీ దారిలో పనికిరాదు. అందుకే మనం ఆశపెట్టుకోవలసింది ఆ 50 నిమిషాల మీదే.

ఇప్పుడు ఓ మామూలు రోజు తీసుకుందాం, తుపాను లేదు, సమ్మె లేదు. పొద్దున ట ఊళ్లో ఒక ప్రయాణికుడు సామాను చెకిన్ చేసి విమానం ఎక్కడానికి రాలేదు. మనిషి లేకుండా అతని పెట్టె ఎగరకూడదు, కాబట్టి కింది అర తెరిచి ఆ పెట్టెను వెతికి దించాలి. 25 నిమిషాలు పోయాయి. 6:30 బదులు 6:55కి లేచింది. దారిలో 5 నిమిషాలు కలిసొచ్చి చ ఊళ్లో 8:20కి దిగింది, 20 నిమిషాలు లేటు. అక్కడ సిబ్బంది అరగంటలో పని ముగించి 8:50కి పంపేశారు. లేటు 10కి తగ్గింది. అంతా బాగానే ఉంది కదా అనుకుంటాం. కానీ తనకు కేటాయించిన వరుస దాటిపోయి పొద్దుటి రద్దీ మధ్యలో పడింది కాబట్టి రన్‌వే దగ్గర ముందున్న విమానాల వెనక 15 నిమిషాలు నిలబడింది. ప ఊళ్లో 10:35కి దిగింది, మళ్లీ 20 నిమిషాలు లేటు. అక్కడ నడవలేని ప్రయాణికులను దించే లిఫ్ట్ వాహనం వేరే విమానం దగ్గర ఉంది, అది రావడానికి 10 నిమిషాలు. అందుకని 40 నిమిషాలూ పట్టాయి, 11:15కి లేచింది. మీ ఊరికి 1:00కి వచ్చి చేరింది కానీ తను ఆగాల్సిన బేలో ఇంకో విమానం ఉంది. మరో 15 నిమిషాలు దూరంగా ఇంజన్లు తిప్పుతూ నిలబడింది. 1:15కి బేలో ఆగింది, చక్రాలకు అడ్డుగా చాక్స్ పెట్టారు. అరగంటలో మిమ్మల్ని ఎక్కించుకుని 1:45కి వెనక్కి జరిగింది, 3:10కి త చేరింది.

కొత్తగా వచ్చిన ఇబ్బందులన్నీ కలిపితే 25, 15, 10, 15, అంటే 65 నిమిషాలు. జేబులో ఉన్న 50 ఖర్చయిపోయాయి, మిగిలిన 15 మీ ఒళ్లో పడ్డాయి. మూడోసారీ నాలుగోసారీ ఆగడానికి మొదటి పెట్టె నేరుగా కారణం కాకపోవచ్చు. కానీ ఒకసారి తన టైము తప్పిన విమానానికి మిగతా చోట్ల కూడా ఏదీ సిద్ధంగా ఉండదు. వరుస పోతుంది, బే పోతుంది, మనుషులు వేరే పనిలో ఉంటారు. ఆలస్యం రోజంతా పెరిగేది ముఖ్యంగా అందుకే. ఒక్కటే ఇబ్బంది వచ్చి, తర్వాత అన్నీ సాఫీగా సాగితే 50 నిమిషాల లోపు ఆలస్యం మీ దాకా రాకుండానే కరిగిపోతుంది. అందుకే చాలా రోజులు మధ్యాహ్నం విమానాలు బాగానే వెళ్తాయి.

విమానయానంలో ఆలస్యానికి కారణాలు రాయడానికి విమాన కంపెనీల అంతర్జాతీయ సంఘం ఐఏటీఏ కోడ్లు ఉన్నాయి. అందులో 93 అనేది విమానం ముందు సెక్టార్ నుంచి లేటుగా వచ్చినందుకు రాసేది. మధ్యాహ్నం దాటాక మేం నింపిన కాగితాల్లో ఎక్కువగా రాసింది ఈ 93నే. పొద్దున మొదటి విమానాలకు ఆ కోడ్ రాయాల్సిన పని దాదాపు ఉండేది కాదు.

ఇప్పుడు అదే గొలుసులో కొంచెం చెడ్డ రోజు చూడండి. ట ఊళ్లో పెట్టె బదులు కాక్‌పిట్లో ఒక హెచ్చరిక లైటు వెలిగింది. ఇంజనీరు వచ్చి చూసి, సంతకం పెట్టడానికి 75 నిమిషాలు పట్టింది. తర్వాత ఒక్క ఇబ్బందీ రాలేదు, ప్రతి ఊళ్లోనూ పరుగులు పెట్టారు. 75లోంచి 50 పోగా 25 నిమిషాలు. మీరు 1:55కి బయల్దేరి 3:20కి చేరతారు. అలా కాక రన్‌వే వరుస, లిఫ్ట్ వాహనం, బే లాంటివి మరో 40 నిమిషాలు కలిస్తే 65 నిమిషాలు లేటుగా 2:35కి లేస్తారు, 4:00కి దిగుతారు. 75 నిమిషాల సాంకేతిక ఆలస్యం ఏమంత అరుదు కాదండీ.

మీ లెక్క వేద్దాం. సరిగ్గా 3:00కి దిగారనుకోండి. వీల్‌చైర్ అడిగినవాళ్లను మామూలుగా అందరికన్నా చివర దించుతారు. అందరూ దిగి, వీల్‌చైర్ వచ్చి, సామాను తీసుకుని బయటికి రావడానికి ముప్పావు గంట వేసుకోండి. 3:45 అయింది. కారులో మరో ముప్పావు గంట, 4:30. ఆసుపత్రిలో పేరు రాయించి పాత రిపోర్టులు ఇవ్వడానికి పావుగంట, 4:45. మీ దగ్గర మిగిలింది 15 నిమిషాలు. మూడింటికి దిగితే నిదానంగా వెళ్లొచ్చని మీకు అనిపించింది కానీ ఆ రెండు గంటల్లో నిదానానికి ఉన్నది ఆ పావుగంటే. పెట్టె దించిన రోజున 10 నిమిషాలు లేటుగా దిగి ఎలాగో అందుకుంటారు, దారి పొడుగునా టెన్షన్ పడుతూ. లైటు వెలిగిన రోజున, తర్వాత అన్నీ బాగున్నా 20 నిమిషాలు లేటు, అపాయింట్‌మెంట్ దాటిపోయింది.

కంపెనీలు చెప్పే ఆన్‌టైమ్ శాతం చూసి మోసపోకండి. సాధారణంగా 15 నిమిషాల లోపు లేటును ఆన్‌టైమ్ కిందే లెక్కేస్తారు. పైగా ఆ శాతం ఎన్నిసార్లు లేటయిందో చెప్తుంది తప్ప, లేటయినప్పుడు ఎంత లేటయిందో చెప్పదు. సగటు ఆలస్యం ఎంతైనా మీకు పెద్దగా అక్కర్లేదు. 15 నిమిషాలు దాటే రోజులు ఎన్ని, అన్నదే మీకు కావలసిన ప్రశ్న.

ఇక 6:15 విమానం. అది ముందు రోజు రాత్రి 11 గంటలకు మీ ఊరికి వచ్చి ఆగిందనుకుందాం. దీన్ని నైట్ హాల్ట్ అంటారు. దాని జేబులో ఉన్నది 50 నిమిషాలు కాదు, దాదాపు ఏడు గంటలు. ముందు రోజు గొలుసు ఎంత చెడినా, రెండు గంటలు లేటుగా ఒంటిగంటకు వచ్చినా, ఇంకా ఐదు గంటలు ఉంటాయి. ముందు రోజు ఆలస్యం అక్కడితో తెగిపోతుంది. ఆ హెచ్చరిక లైటు ఈ విమానంలోనే వెలిగి 75 నిమిషాలు పోయినా మీరు 9:00కి దిగుతారు, ఆసుపత్రికి పదకొండుకు ముందే చేరతారు. పూర్తిగా రద్దయినా మీకు అదే కంపెనీ 1:30 విమానం మిగిలి ఉంటుంది, సీట్లు ఉంటే అందులో ఎక్కిస్తారు. 1:30 విమానం రద్దయితే మాత్రం ఆ రోజుకి మీకు దారి లేదు. నా దృష్టిలో పొద్దున్న విమానం పక్షాన ఇదే అన్నిటికన్నా బలమైన వాదన.

అలాగని మొదటి విమానానికి ఏ దెబ్బా తగలదని కాదు. విమానం రాత్రి ఒంటిగంటకు వచ్చింది, దాన్ని నడిపిన పైలట్లే పొద్దున 6:15కి మళ్లీ నడపాలని రాసి ఉంది అనుకోండి. సిబ్బందికి డ్యూటీ ముగిశాక ఇన్ని గంటలు విశ్రాంతి ఇవ్వాలని నిబంధన ఉంటుంది, దాన్ని కుదించడం కుదరదు. విమానం సిద్ధంగా ఉన్నా పైలట్ల కోసం ఆగాల్సి వస్తుంది. మీ ఊరు ఆ కంపెనీకి పెద్ద కేంద్రమైతే వేరే పైలట్లు దొరుకుతారు, చిన్న స్టేషనైతే దొరకరు. కాబట్టి ముందు రోజు రాత్రి పడుకునేముందు, మీ ఊరికి వచ్చే ఆ కంపెనీ చివరి విమానం టైముకి వచ్చిందో లేదో ఒకసారి చూడండి. గంటన్నర దాటి లేటయితే పొద్దున్న కూడా కొంత లేటుండొచ్చని మనసులో పెట్టుకోండి. మీ విషయంలో మాత్రం దానివల్ల ఏ నష్టమూ లేదు.

రెండోది పొగమంచు. పొగమంచు కాలంలోనే మీ ప్రయాణమైతే ఈ మాట మీకు అవసరం. రాత్రంతా నేల చల్లబడి తెల్లవారే వేళకు అన్నిటికన్నా చల్లగా ఉంటుంది కాబట్టి పొగమంచు సరిగ్గా ఆ సమయంలోనే దట్టంగా ఉంటుంది. మామూలుగా ఎండ వచ్చిన రెండు మూడు గంటలకు విడిపోతుంది. మామూలు పరికరాలున్న రన్‌వే మీద, అంటే క్యాట్ 1 అనేదానిలో, దిగడానికి రన్‌వే వెంట కనీసం 550 మీటర్లు కనిపించాలి. అంతకన్నా తక్కువలో దిగాలంటే రన్‌వేకి, విమానానికి, పైలట్ శిక్షణకు మూడింటికీ ప్రత్యేక అర్హత ఉండాలి. అందుకే పొగమంచు రోజుల్లో మొదటి విమానమే ఎక్కువగా ఇరుక్కుంటుంది.

అలాంటి రోజుల్లో మధ్యాహ్నం విమానం మేలు కదా అనిపిస్తుంది. కానీ మళ్లీ ఆ గొలుసు గుర్తు చేసుకోండి. మీ ఊళ్లో మంచు లేకపోయినా ట ఊళ్లో ఉంటే, మీ 1:30 విమానం అక్కడే పొద్దున మూడు గంటలు కూర్చుంటుంది. 180 నిమిషాల్లోంచి 50 తీసేయండి. రెండు గంటలకు పైగా లేటు మీ గేటు దగ్గరికి వస్తుంది. అప్పుడు బయట ఎండ కాస్తుంటుంది, గేటు దగ్గర కూర్చున్నవాళ్లకు కారణం అర్థం కాదు. వాతావరణం వల్ల ఆలస్యం అని ప్రకటిస్తే, బయట ఆకాశం ఇంత తేటగా ఉంది, ఎవరిని మోసం చేస్తున్నారు అని కౌంటర్ దగ్గర అమ్మాయి మీద కోప్పడినవాళ్లను చాలాసార్లు చూశాను. ఆమె చెప్పింది నిజమే. ఆ వాతావరణం వేరే ఊరిది, ఆరు గంటల కిందటిది. ఎండాకాలం ఉరుముల వాన సంగతి వేరు, అది ఎక్కువగా సాయంత్రం వేళల్లో వస్తుంది కాబట్టి మీ 1:30 కన్నా ఐదూ ఆరు గంటల విమానాలకు దాని దెబ్బ ఎక్కువ.

నేను రాసిన గొలుసు ఊహించి వేసింది. మీ విమానం గొలుసు నిజంగా ఎలా ఉందో మీరే చూడొచ్చు, అరగంట పని. Flightradar24 తెరిచి మీ 1:30 విమానం ఫ్లైట్ నంబర్ కొట్టండి. గత వారం రోజుల్లో అది ఏ రోజు ఎన్నింటికి లేచిందో, ఎన్నింటికి దిగిందో వరుసగా కనిపిస్తుంది. ప్రతి రోజు పక్కన ఆ విమానం రిజిస్ట్రేషన్ ఉంటుంది. దాని మీద నొక్కితే ఆ రోజు ఆ విమానం తిరిగిన ఊళ్లన్నీ వస్తాయి. రిజిస్ట్రేషన్ రోజుకొకటి మారుతుంది, అది సహజం. మీరు చూడవలసింది మీ ఊరికి వచ్చేముందు అది ఎక్కడెక్కడ తిరిగి వస్తోంది, మీ సెక్టార్ ఎన్నోది అన్నది. ఒక సీజన్ టైమ్‌టేబుల్లో ఆ క్రమం చాలావరకు అలాగే ఉంటుంది.

అక్కడ చూడవలసింది ఇంకోటి ఉంది, ఇది తెలిసినవాళ్లు తక్కువ. మీ విమానం మీ ఊళ్లో 12:45కి దిగి 1:30కి లేస్తోందా, లేక 11 గంటలకే వచ్చి రెండున్నర గంటలు ఆగి లేస్తోందా? కొన్ని కంపెనీలు గొలుసు మధ్యలో కావాలనే ఇలా పెద్ద విరామం పెడతాయి, పొద్దుటి ఆలస్యాలు సాయంత్రానికి పాకకుండా. అలా ఆగే విమానమైతే మధ్యాహ్నం అన్న మాటే గానీ అది దాదాపు మొదటి విమానంతో సమానం. రెండు గంటల లేటును కూడా అది మింగేస్తుంది. మీ 1:30 విమానం వారం రోజులూ అలాంటి విరామంతో కనిపిస్తే నా మాట కొంత మెత్తబడుతుంది. అప్పుడు కూడా రద్దయితే ఇంకో విమానం లేదన్న చిక్కు మాత్రం అలాగే ఉంటుంది, కాబట్టి ఈ అపాయింట్‌మెంటుకు నేను 6:15నే అంటాను. వేరే ప్రయాణాలకైతే ధైర్యంగా ఎక్కండి.

అలాగే పొద్దున 6:15 విమానాన్నీ చూడండి. అది నిజంగా రాత్రి మీ ఊళ్లోనే పడుకుంటోందా? కొన్ని చోట్ల మొదటి విమానం అనుకున్నది కూడా తెల్లవారుజామున ఇంకో ఊరి నుంచి వచ్చేదై ఉంటుంది. 6:15కి అది అరుదే, ఎనిమిదీ తొమ్మిది గంటల విమానాలకు మామూలే. గడియారంలో పొద్దున అయినంత మాత్రాన మొదటి సెక్టార్ కాదు.

ప్రయాణం రోజున గేటు దగ్గరి బోర్డు చూసి ధీమాగా ఉండకండి. ఒకసారి నేనే మా నాన్నగారితో ప్రయాణిస్తూ, బోర్డు మీద ఆన్‌టైమ్ అని చూసి ఆయన్ని ముందుగా గేటు దాకా నడిపించాను. మేం ఎక్కాల్సిన విమానం అప్పటికి ముందు ఊళ్లోంచి లేవనే లేదు. కూర్చోడానికి చోటు లేక ఆయన గంటకు పైగా నిలబడ్డారు. అన్నేళ్లు ర్యాంప్ మీద పనిచేసి ఆ ఒక్క రోజు చూసుకోలేదే అని ఇప్పటికీ బాధగా ఉంటుంది. మీరు చేయవలసింది ఇది. బయల్దేరే సమయానికి రెండు గంటల ముందు, మీ విమానం మీ ఊరికి వచ్చే సెక్టార్ మొదలైందో లేదో చూడండి. చాలా కంపెనీల యాప్‌లలో కూడా వచ్చే విమానం ఎక్కడుందో చూపిస్తారు. అది దిగే సమయానికి 30 నుంచి 35 నిమిషాలు కలపండి. అంతకన్నా ముందు మీది లేవదు, బోర్డు ఏం చెప్పినా సరే.

అయితే దీన్ని చూసి ఇంట్లోంచి ఆలస్యంగా బయల్దేరకండి. కంపెనీ ఆఖరి నిమిషంలో వేరే విమానాన్ని తెచ్చి పెట్టొచ్చు, అప్పుడు మీ సెక్టార్ టైముకే లేస్తుంది. చెకిన్ కౌంటర్ కూడా టికెట్ మీద రాసిన సమయాన్ని బట్టే మూసేస్తారు, కంపెనీయే మీకు కొత్త టైము పంపితే తప్ప. యాప్ చూసి తెలుసుకున్నది అమ్మగారిని ఎప్పుడు గేటు దాకా తీసుకెళ్లాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి అన్నదానికి వాడుకోండి.

6:15కే వెళ్తే వీల్‌చైర్‌తో కలిపి చెకిన్, సెక్యూరిటీకి పొద్దున్న రద్దీలో సమయం పడుతుంది, కాబట్టి మూడింటికి లేవడం తప్పదు. కానీ 7:45కి దిగి, సామాను తీసుకుని బయటపడేసరికి ఎనిమిదిన్నర. సాయంత్రం అయిదు దాకా మీ చేతిలో రోజంతా ఉంది. ఆసుపత్రి దగ్గర ఒక గది ముందే మాట్లాడి పెట్టుకోండి, పొద్దున్నే గది ఇస్తారో లేదో ఫోన్ చేసి అడగండి. ఆమె నాలుగైదు గంటలు నడుం వాల్చి వెళ్లొచ్చు.

నిజానికి నాకు ఇంకా నచ్చే దారి ముందు రోజు 1:30. ఆ రోజు విమానం గంట లేటయినా, మూడు గంటలు లేటయినా మీకు పోయేదేమీ లేదు, రాత్రికి గదికి చేరతారు. రద్దయినా మర్నాడు 6:15 ఉంది. అమ్మగారి నిద్ర పాడవదు. గది ఖర్చు ఒక రాత్రికి పెరుగుతుంది, అంతే. ఆ ఖర్చు మీకు ఇబ్బంది కాకపోతే రెండో ఆలోచన లేకుండా ఇదే చేయండి.

తిరుగు ప్రయాణం గురించి మీరు అడగలేదు కానీ, అపాయింట్‌మెంట్ అయిన రాత్రే వచ్చేసే చివరి విమానం మాత్రం బుక్ చేయకండి. అది ఆ విమానానికి ఐదో ఆరో సెక్టార్ అయి ఉంటుంది. రోజంతా పోగైన ఆలస్యం దాని మీదే పడుతుంది. పైలట్ల డ్యూటీ గంటలు అయిపోతే రద్దు చేసేది కూడా ఎక్కువగా దాన్నే, అప్పుడు అర్ధరాత్రి అమ్మగారిని తీసుకుని గది వెతుక్కోవాలి. పైగా డాక్టరు స్కానింగ్ రాసినా, ఇంకో పరీక్ష రాసినా మర్నాడు పొద్దున అక్కడే ఉండాల్సి వస్తుంది. మర్నాడు మధ్యాహ్నం విమానానికి తిరుగు టికెట్ తీసుకోండి. ఆ రోజు మీకు ఇంటికి చేరడం తప్ప వేరే పని లేదు కాబట్టి, అది నాలుగో సెక్టార్ అయినా, ఐదోది అయినా, గంట లేటయినా ఫర్వాలేదు.